108 కనబడలేదు: అడ్డం యానిమేషన్‌ను నిలువు ఫోన్‌కు మార్చిన కేస్ స్టడీ

రీల్ పెట్టిన గంటకు, సినిమా చేయించుకున్న సంస్థ నుంచి ఫోన్ వచ్చింది. "వీడియో బాగుంది సార్. కానీ చివర్లో 108 వేయలేదేంటి?" అన్నారు అవతలి నుంచి. వేశాను. ఫ్రేమ్ కింది భాగంలో, పసుపు రంగులో, ఆరు సెకన్ల పాటు. నా కంప్యూటర్‌లో బ్రహ్మాండంగా కనబడుతోంది కూడా. ఫోన్ తీసి చూస్తే ఆ అంకె మీద సంస్థ ఖాతా పేరు, దాని కింద వాళ్లు రాసుకున్న రెండు లైన్ల క్యాప్షన్ కూర్చుని ఉన్నాయి. వడదెబ్బ తగిలిన మనిషిని ఎలా కాపాడాలో చెప్పే సినిమాలో అంబులెన్స్ నంబరే మాయమైపోయింది.

తప్పు వాళ్లది కాదు, నాది. ఆ మొదటి నిలువు కాపీని నేను ఒక్క రోజులో చేసిచ్చాను. రెండోసారి చేయడానికి ఆరు పని రోజులు పట్టింది. ఆ ఆరు రోజుల్లో ఏం చేశానో ఇక్కడ రాస్తున్నాను.

అసలు సినిమా సంగతి ముందు చెప్పాలి. ఒక స్వచ్ఛంద సంస్థ కోసం చేసిన 74 సెకన్ల 2డీ యానిమేషన్ అది. సైజు 1920x1080, సెకనుకు 25 ఫ్రేములు, మొత్తం 11 షాట్లు. బొమ్మలు ఇల్లస్ట్రేటర్‌లో గీసి ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో కదిలించాం. గ్రామ సభల్లో ప్రొజెక్టర్ మీద చూపించడానికి తయారైంది. కథ మిరప చేలో జరుగుతుంది. కోతకు వచ్చిన కూలీలు, నెత్తి మీద ఎండ, ఒకావిడ సొమ్మసిల్లి పడిపోవడం, పక్కవాళ్లు ఆమెను నీడకు చేర్చి ఒళ్లు తడిపి అంబులెన్స్‌కు ఫోన్ చేయడం. ప్రొజెక్టర్ మీద బాగానే నడిచింది. ఆ తర్వాత, కూలీలు సభలకు రావట్లేదు, ఫోన్లలో చూస్తున్నారు, రీల్స్‌కు, షార్ట్స్‌కు, వాట్సాప్ స్టేటస్‌కు నిలువుగా కావాలి అన్నారు. "తిప్పడమే కదా సార్" అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

మొదటి కాపీలో నేను చేసింది అందరూ చేసేదే. 1080x1920 కంపోజిషన్ తెరిచి, పాత సినిమాను అందులో పడేసి, ఎత్తు నిండేదాకా పెంచాను. లెక్క వేసి చూస్తే ఇది ఎంత మోటు పనో తెలుస్తుంది. 1080 ఎత్తున్న బొమ్మలోంచి 9:16 ముక్క కోస్తే వచ్చే వెడల్పు 607 పిక్సెళ్లు. అంటే 1920లో మూడో వంతు కూడా కాదు. మిగిలిన రెండు వంతుల బొమ్మ చెత్తబుట్టలోకి పోయింది. దానికి తోడు ఆ ముక్కను 178 శాతానికి సాగదీయాలి. వెక్టర్ బొమ్మలైతే తట్టుకున్నాయి గానీ, చేను వెనకాల చేత్తో రంగులు వేసి స్కాన్ చేసిన ఆకాశం మసకబారిపోయింది. కోతలో పోయిన అక్షరాలను చిన్నవి చేసి కిందికి సర్దాను. అలా సర్దినవాటిలోనే 108 ఉంది.

ఇంకో దారి, మొత్తం సినిమాను వెడల్పుకు సరిపెట్టి పైనా కిందా నలుపో, మసక చేసిన అదే బొమ్మో పెట్టడం. అప్పుడు సినిమా ఎత్తు 607 అవుతుంది, తెరలో మూడో వంతు కన్నా తక్కువ. ఏదీ పోదు, కానీ అన్నీ 56 శాతానికి కుంచించుకుపోతాయి. పాత సినిమాలో 60 పిక్సెళ్లున్న అక్షరం 34 అవుతుంది. ఈ 34 అంటే ఫోన్ మీద ఎంతో తర్వాత చెబుతాను.

రెండోసారి పని మొదలుపెట్టినప్పుడు బొమ్మలు ముట్టుకోలేదు. ముందు తెర మీద నాకు దక్కే జాగా ఎంతో కొలిచాను. దీనికి ఒక పరీక్ష వీడియో చేశాను. 1080x1920 ఫ్రేములో ప్రతి 60 పిక్సెళ్లకు ఒక గీత, ప్రతి గీత పక్కన దాని నంబరు. నిలువునా 32 వరసలు, అడ్డంగా 18 నిలువు పట్టీలు. పది సెకన్లు కదలకుండా నిలబడే గళ్ల కాగితం లాంటిది. దాన్ని ఎవరికీ కనబడని ఖాతాలో రీల్‌గా, షార్ట్‌గా, ఒకే ఒక్క నంబరుకు కనబడేలా వాట్సాప్ స్టేటస్‌గా పెట్టాను. మూడు లైన్ల క్యాప్షన్ కూడా కావాలనే రాశాను. క్యాప్షన్ లేకుండా కొలిస్తే కింద జాగా ఎక్కువున్నట్టు కనబడి మోసపోతాం. తర్వాత ఇంట్లో దొరికిన మూడు ఫోన్లలో తెరిచి స్క్రీన్‌షాట్లు తీసి, ఏ నంబరు దేని వెనక దాక్కుందో రాసుకున్నాను.

మెటా సంస్థ ప్రకటనలు ఇచ్చేవాళ్లకు చెప్పే కొలత ఒకటుంది. రీల్స్‌లో పైన 14 శాతం, కింద 35 శాతం, రెండు పక్కలా 6 శాతం చొప్పున రాత లేకుండా వదలమంటుంది. పిక్సెళ్లలో పైన 269, కింద 672, పక్కన 65. కింద మూడో వంతుకు పైగా వదలమంటే మొదట అతిగా అనిపించింది. మూడు లైన్ల క్యాప్షన్‌తో తీసిన స్క్రీన్‌షాట్ చూశాక నోరు మూసుకున్నాను. ఈ యాప్‌లు బటన్ల చోట్లు మారుస్తూనే ఉంటాయి కాబట్టి, ఆ గళ్ల వీడియోను కొత్త పని వచ్చినప్పుడల్లా మళ్లీ పెట్టి చూస్తున్నాను.

పక్కల కొలత దగ్గర నాకు అంతకుముందు తట్టని విషయం ఒకటి బయటపడింది. మనం 9:16 అని గీస్తాం గానీ ఇప్పటి ఫోన్లు చాలావరకు 20:9, అంటే ఇంకా పొడుగు. 1080 వెడల్పున్న తెర ఎత్తు 2400. మన 1920 ఎత్తు వీడియోను అందులో ఎలా చూపించాలన్నది యాప్ ఇష్టం. కొన్ని చోట్ల పైనా కిందా ఖాళీ వదులుతుంది. కొన్ని చోట్ల తెర నిండేదాకా పెంచి పక్కలు కోసేస్తుంది. 1920ని 2400 చేయాలంటే 1.25 రెట్లు పెంచాలి. అప్పుడు వెడల్పు 1350 అవుతుంది, తెర 1080 దగ్గరే ఆగుతుంది. మన కొలతలో చెబితే ఒక్కో పక్క 108 పిక్సెళ్లు పోతాయి, మిగిలేది 864. కాబట్టి పక్కన 65 చాలదు, 108 వదలాలి.

పైన కూడా ఒక దెబ్బ ఉంది. రీల్ ఫీడ్‌లో కనబడేటప్పుడు దాన్ని 4:5కు కోసి చూపిస్తారు. 1920లో నడిమి 1350 ఉంటుంది, పైన 285, కింద 285 పోతుంది. రాత సరిగ్గా ఆ అంచున మొదలైతే తల తెగినట్టుంటుంది కాబట్టి మరో 45 కలిపి 330 దగ్గర గీత గీశాను.

ఇవన్నీ కలిపితే రాతకు మిగిలిన పెట్టె 864 వెడల్పు, 918 ఎత్తు. పేరుకు నిలువు ఫ్రేమ్ గానీ, రాతకు దక్కేది దాదాపు చదరమే. ఈ ఒక్క విషయం ముందే తెలిసుంటే మొదటి కాపీలో పరువు పోయేది కాదు. ఆ చదరాన్ని ఒక షేప్ లేయర్‌గా గీసి, దాన్ని Guide Layer చేసి ప్రతి షాట్‌లో పైన పెట్టాను. అలా చేస్తే పని చేసేటప్పుడు కనబడుతుంది, రెండర్‌లో రాదు. పెట్టె కింది సగంలో కుడి పక్క మరో 60 పిక్సెళ్లు వదిలాను, లైక్, షేర్ బటన్ల వరస అక్కడికి వస్తుంది కాబట్టి.

పెట్టె బయట ఏముండాలి? బొమ్మే ఉండాలి. ఖాళీ ఉండకూడదు. పైన ఆకాశం, కింద మట్టి, చీర కుచ్చిళ్లు, కాళ్లు. పోయినా కథ పోనివి. మొహాలూ చేతులూ మాత్రం పెట్టె పై సగంలోకి తెచ్చుకున్నాను.

ఇక షాట్లు. పదకొండింటిలో ఆరు సులువుగానే లొంగాయి. ఒక్క మనిషో, ఒక్క వస్తువో ఉన్నవి. వాటిని పాత బొమ్మకు 1.2 రెట్లు పెట్టి కదిపితే చాలు. అయితే 1.2 రెట్ల దగ్గర 1920 ఎత్తు నింపాలంటే పాత కొలతలో 1600 ఎత్తు బొమ్మ కావాలి, మన దగ్గరున్నది 1080. మిగతా 520 కొత్తగా గీయాలి. ఆకాశం పైకి పెంచడం తేలికే, మట్టిని కిందికి పెంచడానికే కాస్త పనుంది, ఎందుకంటే దగ్గరి మట్టిలో గడ్డలూ మొక్కల మొదళ్లూ కనబడాలి. పాత ప్రీకంప్‌లు, అంటే కంపోజిషన్ లోపల పెట్టిన కంపోజిషన్లు, 1080 దగ్గర గీత గీసినట్టు తెగిపోతాయి. లోపలి బొమ్మ అంతకంటే పెద్దదైనా కనబడదు. ప్రీకంప్ లేయర్‌కు Collapse Transformations నొక్కితే దాని హద్దు దాటి ఉన్న బొమ్మ కూడా బయటికి వస్తుంది. ఇది తెలియక నేను మొదటి రోజు పూటంతా ప్రీకంప్‌ల సైజులు ఒక్కొక్కటే మారుస్తూ కూర్చున్నాను.

మొదటి షాట్ పెద్ద తలనొప్పి. పాతదాంట్లో 3400 పిక్సెళ్ల వెడల్పున్న మిరప చేను, ఎనిమిది మంది ఆడవాళ్లు వరసగా కాయలు కోస్తుంటారు, కెమెరా ఆరు సెకన్లలో ఎడమ నుంచి కుడికి జరుగుతుంది. నిలువు కిటికీలోంచి అదే దూరం అదే ఆరు సెకన్లలో చూపిస్తే, ఒక్కో మనిషి రెండు సెకన్లు కనబడి వెళ్లిపోతుంది. రైలు కిటికీలోంచి చూసినట్టుంది. మెల్లగా జరిపితే నలుగురికి మించి కనబడరు.

అప్పుడు కెమెరాను జరపడం మానేసి చేనునే తిప్పాను. మిరప సాళ్లు పక్క నుంచి చూస్తే అడ్డం గీతలు. సాలు మొదట్లో నిలబడి చూస్తే దూరానికి పోతూ దగ్గరయ్యే నిలువు గీతలు. నిలువు ఫ్రేముకు అంతకంటే ఏం కావాలి? ముందు ఇద్దరు పెద్దగా, వాళ్ల వెనక ముగ్గురు కాస్త పైన చిన్నగా, ఇంకా వెనక మరో ముగ్గురు తలగుడ్డలు మాత్రమే. ఎనిమిది మందీ ఉన్నారు. కెమెరా పైన సూర్యుడి దగ్గర మొదలై కిందికి, సాళ్ల మీదుగా ముందున్న ఆవిడ చేతుల దగ్గరికి దిగుతుంది. పాత షాట్ కంటే ఇదే బాగుందని నా అభిప్రాయం, ఎండ నెత్తి మీద పడుతున్న భావం వచ్చింది కాబట్టి. కూలీల బొమ్మలు పాతవే, చేను మాత్రం కొత్తగా గీయాల్సి వచ్చింది. ఒక రోజు.

మేస్త్రి, ఆ కూలీ మాట్లాడుకునే షాట్‌లో ఇద్దరూ ఫ్రేమ్ రెండు చివర్లలో ఉంటారు, మధ్యలో ఖాళీ. ఒకరిని ముందు, వీపు మనవైపు పెట్టి నిలబెడదామంటే మేస్త్రి బొమ్మకు వెనక వైపు గీసి లేదు. షాట్‌ను రెండుగా కోసి ఒకరి తర్వాత ఒకరిని చూపించాను. ఒకరు కుడికి చూస్తే ఇంకొకరు ఎడమకు చూడాలి, అంతే.

అసలు పరీక్ష పడిపోయిన మనిషి దగ్గర వచ్చింది. పడుకున్న మనిషి కంటే అడ్డంగా ఉండేది లోకంలో ఇంకేముంది? పాత బొమ్మలో ఆవిడ పొడవు 1180 పిక్సెళ్లు. 864లో పట్టించాలంటే 73 శాతానికి తగ్గించాలి. తగ్గిస్తే పైనా కిందా బోలెడంత మట్టి, మధ్యలో చిన్న మనిషి. మొహంలో కళ్లు తేలేయడం, పెదవులు ఎండిపోవడం లాంటివేవీ కనబడవు. ఈ సినిమా నేర్పాల్సిందే ఆ లక్షణాలు గుర్తుపట్టడం.

బొమ్మను నిలువుగా తిప్పి చూశాను. నిద్రలో నిలబడ్డట్టుంది. నేలను ముప్పై డిగ్రీలు వాల్చి చూశాను. కొండ మీద నుంచి జారుతున్నట్టుంది. మా ఆర్టిస్టు నా వెనక నిలబడి చూసి, "అన్నా, మనిషిని తిప్పొద్దు, మనమే చెట్టెక్కి చూద్దాం" అన్నాడు. అదే సరైన దారి. పై నుంచి చూసే బొమ్మ ఒకటి కొత్తగా గీశాడు. తల పెట్టె పై భాగంలో, ఒళ్లు కిందికి, పాదాలు క్యాప్షన్ వచ్చే చోట. పాదాలు క్యాప్షన్ వెనక పోతే పోనీ. తడిబట్ట వేసే చేతులు ఎడమ నుంచి, కొంగుతో విసిరే చేతులు కుడి నుంచి వస్తాయి. మనుషులు పూర్తిగా కనబడక్కర్లేదు, చేతులు చాలు. ఈ ఒక్క బొమ్మకూ దాని కీళ్ల అమరికకూ ఒకటిన్నర రోజు పట్టింది. ఈ పని మానేయాలనుకునేవాళ్లు ముందు మానేసేది ఇలాంటి షాట్‌నే. కానీ సినిమా నిలబడేదీ దీని మీదే.

పగటి గంటలను చూపించే అడ్డం పట్టీని కిందికి నడిచే పట్టీగా మార్చాను. చెట్టు నీడ పొట్టిదై మళ్లీ పొడుగవుతుంటే పక్కన గంటలు పై నుంచి కిందికి దిగుతాయి, పన్నెండు నుంచి మూడు దాకా ఎరుపు. దాని గురించి అంతకంటే చెప్పేదేం లేదు.

ఇప్పుడు అక్షరాల సంగతి. పిక్సెళ్లలో మాట్లాడుకుంటే ఏదీ అర్థం కాదు, స్కేలు తీసుకుని ఫోన్ మీద పెట్టాలి. ఆరున్నర అంగుళాల 20:9 ఫోన్ తెర వెడల్పు 68 మిల్లీమీటర్లు. మన 1080 పిక్సెళ్లు ఆ 68 మిల్లీమీటర్లలో కూర్చుంటాయి. అచ్చు పనిలో 12 పాయింట్లంటే 4.2 మిల్లీమీటర్లు, అంటే నిలువు ఫ్రేములో సుమారు 67 పిక్సెళ్లు. ఈ ఒక్క లెక్క గుర్తుంచుకుంటే చాలు. ఇందాక వదిలేసిన 34 పిక్సెళ్ల అక్షరం ఇప్పుడు చూడండి. అది అచ్చులో 6 పాయింట్ల అక్షరం. మందుల స్ట్రిప్పు వెనక ఉండే రాత లాంటిది. ఎండలో, అద్దాలు లేని కళ్లతో, చేయి చాచి పట్టుకున్న ఫోన్‌లో దాన్ని ఎవరూ చదవరు.

నేను పెట్టుకున్న కొలతలు: ముఖ్యమైన మాట 84 పిక్సెళ్లు, అంటే అచ్చులో 15 పాయింట్లు. పక్క మాట 64. అంతకంటే చిన్నది ఏదీ లేదు, లోగోల కింది పేర్లతో సహా. 108 అంకె మాత్రం 320.

84 పెట్టగానే ఇంకో గోడ తగిలింది. 864 వెడల్పులో లైనుకు పద్నాలుగు, పదిహేను అక్షరాలకు మించి పట్టవు. పాత సినిమాలో "మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల మధ్య ఎండలో పని చేయకండి" అని ఒకే లైనులో ఉంది. ఇప్పుడు నాలుగు లైన్లయింది. అక్షరాన్ని తగ్గించాలన్న కోరిక పుట్టేది ఇక్కడే. తగ్గించకుండా మాటలు తగ్గించాను. గొంతు ఎలాగూ పూర్తి వాక్యం చెబుతోంది, తెర మీద దాన్ని మళ్లీ రాయక్కర్లేదు. "12 నుంచి 3 దాకా" ఒక లైను, "ఎండలో పని వద్దు" ఇంకో లైను. అలాగే "స్పృహ తప్పిన వ్యక్తికి నోటి ద్వారా నీరు తాగించరాదు" అన్నది "స్పృహ లేకుంటే నీళ్లు తాగించొద్దు" అయింది. అయితే ఇవి వైద్యుడు చూసి ఒప్పుకున్న వాక్యాలు. ఒక్క మాట మార్చినా మళ్లీ ఆయన దగ్గరికి వెళ్లాలి. మార్చిన మాటలన్నీ ఒకే కాగితం మీద రాసి ఒకేసారి పంపాను, అవి తిరిగొచ్చేలోగా బొమ్మల పని చేసుకున్నాను. ఒక్కొక్కటే పంపి ఉంటే ఇంకో వారం పోయేది.

పాత సినిమా రాతలన్నీ అను ఫాంట్లలో టైపు చేసి, ఆ తర్వాత కర్వ్‌లుగా మార్చినవి. తెలుగు డీటీపీ తెలిసినవాళ్లకు ఈ బాధ కొత్త కాదు. అవి ఇప్పుడు అక్షరాలు కావు, బొమ్మలు. లైను విరవడానికి లేదు, మాట మార్చడానికి లేదు. తెర మీది పంతొమ్మిది క్యాప్షన్లూ యూనికోడ్‌లో మళ్లీ కొట్టుకున్నాను. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో తెలుగు సరిగ్గా రావాలంటే నేను వాడే వెర్షన్‌లో Type సెట్టింగుల్లో South Asian and Middle Eastern ఎంచుకోవాలి. లేకపోతే వత్తులు విడిపోయి పక్కన నిలబడతాయి. ఫాంటు అనెక్ తెలుగు తీసుకున్నాను. దాంట్లో వెడల్పు తగ్గిన రకాలు కూడా ఉన్నాయి. లైనులో ఒక్క అక్షరం పట్టనప్పుడు సైజు తగ్గించకుండా కొంచెం సన్నటి రకం వాడుకోవచ్చు. మరీ సన్నది వాడితే సున్నా, తలకట్టు కలిసిపోతాయి, కాబట్టి ఒక మెట్టు దిగి ఆగాను.

లైన్ల మధ్య ఎడం ఇంగ్లీషుకు సరిపోయేది తెలుగుకు చాలదు. సాఫ్ట్‌వేర్ తనంతట తాను ఇచ్చేది 120 శాతం, అంటే 84కు 101 పిక్సెళ్లు. "స్పృహ" అన్న మాట చూడండి. స కింద ప వత్తు, దానికి తోడు ఋకారం. దాని కింది లైను "నీళ్లు" అని గుడిదీర్ఘంతో మొదలవుతుంది. పై లైను కాళ్లు, కింది లైను తల ఢీకొన్నాయి. 122 పెడితే విడిపోయాయి, సుమారు 145 శాతం. అప్పటి నుంచి ఏ ఫాంటు చూసినా నేను ముందు కొట్టి చూసేది ఈ రెండు మాటలే.

అక్షరాల వెనక ముదురు రంగు పలక పెట్టాను. మొదట్లో ఆ పలక ఎత్తు రాతను బట్టి దానంతట అదే మారేలా ఎక్స్‌ప్రెషన్, అంటే చిన్న కోడ్, రాశాను. అది తెలుగులో బెడిసికొట్టింది. వత్తున్న మాట వస్తే రాత కొలత పెరుగుతుంది, లేకపోతే తగ్గుతుంది. క్యాప్షన్ మారినప్పుడల్లా పలక ఊపిరి పీల్చినట్టు పెరిగి తగ్గుతోంది. ఎక్స్‌ప్రెషన్ తీసేసి, రెండు లైన్లకు 300 పిక్సెళ్లని ఖాయం చేశాను. వెడల్పు మాత్రం లెక్క చూసుకోవడం మంచిదే. గైడ్‌గా పెట్టిన ఒక టెక్స్ట్ లేయర్ Source Textలో ఇది రాసుకుంటే, TEXT అని పేరు పెట్టిన లేయర్‌లోని క్యాప్షన్ ఎన్ని పిక్సెళ్లు తీసుకుంటోందో ఎప్పటికప్పుడు కనబడుతుంది:

```
t = thisComp.layer("TEXT");
r = t.sourceRectAtTime(time, false);
w = r.width * t.transform.scale[0] / 100;
Math.round(w) + " / 864"
```

అక్షరం తర్వాత అక్షరం పడే టైపింగ్ ఎఫెక్టు పాతదాంట్లో ఉంది, అది కర్వ్‌లకు మాస్కు వేసి చేసింది. నిజమైన తెలుగు రాత మీద అదే చేయబోతే గుణింతాలూ వత్తులూ ముక్కలవుతాయి. మాట తర్వాత మాట వచ్చేలా మార్చాను. చదవడానికీ అదే సుఖం.

రంగు విషయంలో ఒక్క తప్పు చేశాను. హెచ్చరిక కాబట్టి ఎర్ర అక్షరాలు, వెనక పచ్చటి చేను. కంప్యూటర్ మీద మెరిసిపోయింది. వాట్సాప్‌లో నాకు నేనే పంపుకుని చూస్తే అంచులు జావలా కలిసిపోయాయి. కుదించిన వీడియో వెలుగు కంటే రంగు వివరం తక్కువగా దాచుకుంటుంది. ఎరుపు, పచ్చ వెలుగులో దగ్గరగా ఉండి రంగులో మాత్రమే తేడాగా ఉంటే ఆ తేడానే ముందు పోతుంది. ముదురు గోధుమ పలక మీద లేత పసుపు అక్షరాలకు మారాను. అప్పటి నుంచి రెండర్ చూసి ఊరుకోవడం లేదు. వాట్సాప్‌లో పంపి, వచ్చినదాన్ని ఇంకో ఫోన్‌కు ఫార్వర్డ్ చేసి, ఆ రెండో కాపీ చూస్తున్నాను. ఊళ్లో తిరిగేది ఆ కాపీయే కదా.

ఆఖరి పరీక్ష మా పిన్ని దగ్గర చేశాను. మధ్యాహ్నం పూట వాకిట్లో, అద్దాలు లేకుండా. ఏం చూడాలో చెప్పకుండా ఫోన్ చేతికిచ్చాను. చేయి బాగా చాచి పట్టుకుని చివరిదాకా చూసింది. "ఏం నంబరుకు చేయమన్నారు పిన్నీ?" అన్నాను. "నూట ఎనిమిదికి నాయనా, అంత పెద్దగా వేసి మళ్లీ అడుగుతావేంట్రా?" అంది. తర్వాత, "ఆ మూడు బొమ్మలొచ్చిన చోట రాత గబుక్కున పోయింది" అంది. నీడ, తడిబట్ట, ఫోన్ మూడూ పాతదాంట్లో పక్కపక్కన ఉండేవి, నేను ఒకదాని కింద ఒకటి పేర్చాను. చోటు సరిపోయింది గానీ మూడో మాట వచ్చాక రెండు సెకన్లే నిలిచింది. గొంతుకు తగ్గట్టు కోసిన షాట్ కాబట్టి పొడిగించడానికి లేదు. మూడో వరసను ఒక సెకను ముందుకు జరిపి, తర్వాతి షాట్ మొదట్లో కూడా పలకను ఒకటిన్నర సెకను ఉంచేశాను. బొమ్మ మారినా రాత నిలిచింది. ఎవరికీ ఎబ్బెట్టుగా అనిపించలేదు.

చివరి కార్డు మీద కాస్త వాదన జరిగింది. డబ్బిచ్చిన సంస్థల లోగోలు నాలుగు, పాతదాంట్లో ఒకే వరసలో ఉన్నాయి. వాటిని 108 పక్కన పెట్టమన్నారు. పెట్టె పై సగం మొత్తం 108కి, దాని కింద రెండేసి చొప్పున లోగోలు అన్నాను. ఒప్పుకోకపోతే మొదటి కాపీ స్క్రీన్‌షాట్, అదే ఆ నంబరు దాక్కున్నది, మళ్లీ పంపాను. ఒప్పుకున్నారు.

నెల తర్వాత ఫీడ్ కోసం, కరపత్రం మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే తెరుచుకునే పేజీ కోసం 4:5లో ఇంకో కాపీ అడిగారు. ఈసారి ఎన్ని రోజులని అడగలేదు, నేనే అరపూట అన్నాను. 1080x1350 కంపోజిషన్‌లో నిలువు సినిమాను పడేసి, పైనా కిందా 285 చొప్పున పోనిచ్చాను. రాత పైఅంచుకు 45 పిక్సెళ్ల దిగువన మొదలై 963 దగ్గర ఆగింది. సర్దాల్సింది ఒక్క షాటే. చేను షాట్‌లో సూర్యుడు ఫ్రేమ్ బయటే ఉండిపోయాడు, వంద పిక్సెళ్లు కిందికి దించాను.